గోపమ్మ అప్పు

సురంగల్‌లో సంగమ్మ చేతిరాత తెలియని ఆడమనిషి లేదు. ఏడో తరగతితో చదువు ఆపేసినా, పదిహేనేళ్లుగా పదిమంది ఆడవాళ్ల పొదుపు సంఘానికి లెక్కలు రాసింది. నెలకు తలా వంద పొదుపు, ఆ డబ్బులోంచే అప్పులు, నూటికి నెలకు రూపాయి వడ్డీ. పొదుపు కదలదు, వచ్చిన వడ్డీ మాత్రం ఏటా ఉగాది ముందర పంచుకుంటారు. పంచే రోజుకు ఎవరి పేరు మీదా పాత అప్పు ఉండకూడదు. ఈ కట్టుబాటే ఆమె కొంప ముంచింది.

కట్టలేనివాళ్ల కోసం ఆమె ఒక ఉపాయం చేసేది. పాత అప్పు వడ్డీతో సహా ముట్టినట్టు ఒక వరస, అంత మొత్తం ఆ రోజే కొత్తగా ఇచ్చినట్టు దాని కింద ఇంకో వరస. పైసా చేతులు మారదు. అందరికీ తెలుసు, అందరూ సంతకం పెట్టేవాళ్లు. కిందటేడు పంపకం రోజున సంఘంలోని గోపమ్మ ఒక్కతే చేవెళ్లలో దవాఖాన మంచం మీద ఉంది. ఆమె ఇరవై వేల అప్పుకు ఏడాది వడ్డీ కలిపి, ఇరవై రెండు వేల నాలుగు వందలు కట్టినట్టూ మళ్లీ తీసుకున్నట్టూ రాసి, సంతకం కూడా సంగమ్మే పెట్టేసింది. ఇంటికొచ్చాక చెబుదాంలే అనుకుంది. గోపమ్మ ఇంటికి రాలేదు.

ఈ ఏడు పంపకానికి గోపమ్మ బిడ్డ సింధుజ వచ్చింది. తల్లి పద్నాలుగేళ్ల పొదుపు, పదహారు వేల ఎనిమిది వందలు ఇమ్మంది. అప్పుకు మినహాయిస్తే ఇంకా మీరే కట్టాలమ్మా అని సంగమ్మ పుస్తకం తిప్పి చూపించింది. పిల్ల దవాఖాన కాగితం తీసి తారీఖు పక్కన పెట్టింది.

"ఆ దినం మా అమ్మకు సోయి లేదు పెద్దమ్మా. ఈ సంతకం ఎవలు పెట్టిండ్రు?"

"నేనే పెట్టిన బిడ్డా. పాత అప్పు నిజమే. నీకెరుకే గదా."

"ఎరుకే. గానీ అది ముట్టిందని మీరే రాసిండ్రు. కొత్త అప్పు మీద సంతకం మా అమ్మది గాదు. దవాఖాన బాకీలు నేనేడికెళ్లి కట్టాలె?"

సంగమ్మ తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది మొహాలు చూసింది. తొమ్మిదో మొహం తనదే. ఏటా ఆ దొంగ వరసల మీద చిన్నగా నవ్వుకుంటూ సంతకాలు పెట్టినవాళ్లే. ఒక్కతైనా నోరు విప్పుతుందని ఎదురుచూసింది పిచ్చిది. సంఘం లీడరు గొంతు సవరించుకుంది.

"మేము పెట్టమన్నమా సంగమ్మా? పోయిన పైసలు నువ్వే కట్టాలె. ఈ ఏడు వడ్డీ ఇడిసిపెడతం."

అది వాళ్ల దయ. పొలం అమ్ముకున్న ఇల్లు, మొగుడు ఎవరి ఫామ్‌హౌస్‌లోనో కావలి. ఇరవై రెండు వేలు ఎక్కడివి ఆమెకు? సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా తలూపింది.

ఆ సాయంత్రమే సింధుజకు తల్లి పొదుపు ఇచ్చేశారు. డిగ్రీ చదివిన పిల్ల కదా, లెక్కలు ఇకనుంచి నువ్వే రాయమ్మా అన్నారు. పిల్ల కొత్త పుస్తకం తెరిచి మొదటి అప్పు రాసింది: సంగమ్మ, ఇరవై రెండు వేల నాలుగు వందలు. పుస్తకం సంగమ్మ వైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.