స్ట్రాంగ్ రెయిన్ అన్నందుకు

నాకు కోపం ఎక్కువ. ఖమ్మంలో మా అబ్బా బట్టల దుకాణంలో కూర్చుంటే, నేను అన్నం గిన్నె తీసుకుని వచ్చేసరికి గిరాకీలు బేరం ఆపేసేవాళ్లని ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. అంత కోపం ఉన్నదానివి టీచరువి కావొద్దని మా అమ్మీ మొత్తుకుంది. నేను వినలేదు. భద్రాచలం దారిలో అడవి అంచున ఉన్న ఒక ఆడపిల్లల హాస్టల్ బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరాను. ఎనిమిది, తొమ్మిది తరగతులు నావి. పదో తరగతికి ఒక సారు ఉండేవాడు. నాకంటే చాలా సీనియరు. ఇద్దరం కూడా పిల్లల మీద చెయ్యెత్తకూడదని రాసిచ్చి ఉద్యోగంలో చేరినవాళ్లమే. నేను ఎత్తలేదు. ఆయన చేతిలో మాత్రం నున్నగా చెక్కిన టేకు కర్ర ఉండేది.

కర్ర కంటే ఆయన పద్ధతి ఘోరం. పిల్ల ఏ మాట తప్పు చెప్పిందో ఆ తప్పు మాటనే గట్టిగా అనిపించేవాడు. అన్న ప్రతిసారీ అరచేతి మీద ఒక దెబ్బ. మిగతా క్లాసు కూడా గొంతు కలపాలి. సరైన మాట ఏదో చివర్లో తనే ఒకసారి గొణిగి పేజీ తిప్పేవాడు. “తప్పు నొప్పితోనే పోతది మేడం. నాకట్లనే పోయింది,” అనేవాడు గొప్పగా.

ఆ రోజు పొద్దున్నుంచీ వాన. మా క్లాసుల మీద రేకులు కాబట్టి వాన వస్తే గొంతు చించుకుని చెప్పాల్సిందే. పక్క క్లాసులో ఆయన “నిన్న గట్టి వాన పడింది” అన్న వాక్యం ఇచ్చి ఇంగ్లీషులో చెప్పమన్నాడు. ఒక కోయ పిల్ల లేచి స్ట్రాంగ్ రెయిన్ అంది. వాళ్ల గూడెం నుంచి పదో తరగతి దాకా వచ్చిన మొదటి పిల్ల అది. అంతకుముందు ఎవరూ ఏడు దాటలేదు. నోట్లో ఏ ప్రశ్న పుట్టినా దాచుకోవడం తెలియనిది.

“స్ట్రాంగ్ కాదు, హెవీ,” అన్నాడు సారు.

“ఎందుకు సార్? స్ట్రాంగ్ విండ్ అంటే రైట్ అన్నరు. స్ట్రాంగ్ టీ అన్నా రైటే. వానకెందుకు తప్పైతది?”

ఎంత మంచి ప్రశ్న! నేనైతే ఆ పిల్లను ఎత్తుకుని తిప్పేదాన్ని. ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేదని ఒప్పుకునే అలవాటు అంతకన్నా లేదు.

“నాకే ఎదురు చెప్తవా? చెయ్యి చాపు. ఏమన్నవ్?”

“స్ట్రాంగ్ రెయిన్ సార్.”

ఫట్‌మని దెబ్బ. “మళ్ల అను.” క్లాసంతా, “స్ట్రాంగ్ రెయిన్!” మళ్లీ దెబ్బ. రేకుల మీద వాన చప్పుడును దాటి ఆ కర్ర చప్పుడు నా క్లాసులోకి వస్తోంది. కాసేపటికి ఆ పిల్ల గొంతు వినబడటం మానేసింది. మిగతావాళ్ల గొంతే వినబడుతోంది. కర్ర మాత్రం ఆగలేదు.

యా అల్లా! చాక్‌పీసు విసిరేసి పరుగెత్తాను. పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంటుంటే ఆయన మణికట్టు పట్టుకుని బల్లకు అదిమి కొడుతున్నాడు. అరచెయ్యి కమిలిపోయింది, వేలి కణుపుల దగ్గర చర్మం లేచి నెత్తురు వస్తోంది. మధ్యలో చెయ్యి పెట్టాను. ఆ దెబ్బ నా మోచేతి మీద పడింది. ఆ నొప్పితోనే కర్ర పట్టుకుని లాగాను. ఆయన వదల్లేదు, నేనూ వదల్లేదు. ఇద్దరం కర్ర పట్టుకుని, పిల్లల ముందు, బల్లలకు గుద్దుకుంటూ కొట్లాడుకున్నాం. చివరికి హెడ్‌మాస్టర్ వచ్చి విడదీశాడు.

స్టాఫ్‌రూమ్‌లో రెండో కొట్లాట జరిగింది.

“సార్, మీరు కటిక చీకటి అంటరు కదా?” అన్నాను.

“అంట. అయితే ఏంది?”

“కటిక పేదరికం అంటరు?”

“అవ్.”

“కటిక వాన అని ఎందుకనరు?”

“ఎవలంటరమ్మా గట్ల? అనరంతే!”

“అంతే కదా! ఇంగ్లీషోళ్లు కూడా అంతే. చిన్నప్పట్నుంచి హెవీ, రెయిన్ రెండూ కలిపి విన్నరు, కలిపే అంటరు. స్ట్రాంగ్ రెయిన్ అంటే వాళ్లకు అర్థం కాదా? అయితది. చెవికి వింతగ ఉంటది, గంతే. మా ఇంట్ల ఉర్దూల తేజ్ బారిష్ అంటం, తేజ్ అంటే పదును. నన్నడిగితే షార్ప్ రెయిన్ అనేదాన్నేమో. నన్ను కూడా కొట్టండి!”

ఆయన బల్ల గుద్దాడు. “రూల్ లేకుంట భాష ఉంటదా? హెవీ అంటే ఎక్కువ పడుడు, స్ట్రాంగ్ అంటే బలం.”

“మరి స్ట్రాంగ్ టీ మిమ్మల్ని ఎప్పుడన్న తోసిందా?”

పక్కనున్న లెక్కల టీచరు నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు. హెవీకి పరిమాణం ఎక్కువ అన్న అర్థం ఉంది. మంచు కురిసినా, రోడ్డు మీద బండ్లు కిక్కిరిసినా, మనిషి తెగ సిగరెట్లు తాగినా హెవీయే. ఆ దారి కొంతదూరం పోతుంది, తర్వాత తెగిపోతుంది. అక్కడి నుంచి విని పట్టుకోవాల్సిందే. విననివాళ్లు తమ భాషలో ఉన్న మాటల జంటనే మాటకు మాట మార్చి అప్పజెప్తారు. ఆ పిల్ల చేసింది అదే. గట్టి వానలోని గట్టి తీసి స్ట్రాంగ్ పెట్టింది. ఇట్స్ రెయినింగ్ హార్డ్ అని ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు, ఆమె ఒక్క అడుగు దూరంలో ఉంది. ఆ అడుగు వేయించడానికి కర్రెందుకు?

“పిచ్చి మాటలు బంద్ చెయ్యండి. మార్కు పోతే మీరిస్తరా?” అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

“రేపు పైనుంచి ఆఫీసర్ వస్తుండు, ఇప్పుడు లొల్లి వద్దమ్మా,” అన్నాడు హెడ్‌మాస్టర్.

సాయంత్రం స్టడీ అవర్‌లో పదో తరగతికి నేనే వెళ్లి కూర్చున్నాను. గోదావరి ఉప్పొంగిన సంగతి చెప్తూ హెవీ రెయిన్, స్ట్రాంగ్ కరెంట్, స్ట్రాంగ్ విండ్ అని కథలా చెప్పించాను. నవ్వుతూ చెప్పారు, బాగానే పట్టుకున్నారు. ఆ పిల్ల మాత్రం చెయ్యి ఒళ్లో పెట్టుకుని గోడ చూసింది. పేరు పెట్టి పిలిస్తే కూడా పలకలేదు. నాకు భయం పట్టుకుంది. కట్టు కట్టిన చెయ్యి మానుతుంది. ప్రశ్నలడిగే ఆ నోరు మూతపడితే, ఆ పిల్ల బడిలో ఉన్నా లేనట్టే.

హాస్టల్ వంటమనిషిది ఆ పిల్ల వాళ్ల పక్క గూడెమే. వాళ్లింటికి ఫోను చేసి చెప్పేసింది. తెల్లారి పిల్ల తల్లి వచ్చింది. తడిసి ముద్దయిన చీరతో నేరుగా డార్మిటరీకి వెళ్లి బిడ్డ ట్రంకుపెట్టె వరండాలోకి ఈడ్చింది.

“ఆపకు టీచరమ్మా. కొట్టిచ్చుకోనీకి పంపలే.”

“పదో తరగతి అమ్మా. ఇప్పుడు తీస్కపోతే మళ్ల రాదు.”

“రాకపోతే రాకపాయె. పానంతోటైతే ఉంటది.”

ఆఫీసర్ వస్తున్నాడని, ఆయనతో నేనే చెప్తానని, అప్పటిదాకా ఆగమని చేతులు పట్టుకున్నాను. ఆమె పెట్టె మీద కూర్చుంది. పిల్లను మాత్రం క్లాసుకు పంపింది, నా మొహం చూసి.

ఆఫీసర్ మధ్యాహ్నం వచ్చాడు. వాన తగ్గలేదు. పదో తరగతిలోకి వెళ్లాడు, హెడ్‌మాస్టర్, సారు, నేను వెనకాలే వెళ్లాం. సారు వెళ్లి తన కుర్చీ పక్కన నిలబడ్డాడు. కర్ర బల్ల మీదే ఉంది. తీసేయాలన్న ఆలోచన కూడా ఆయనకు రాలేదు, అంత అలవాటు.

ఆఫీసర్ కిటికీ వైపు చూపిస్తూ, పిల్లలను నవ్వించాలని సరదాగా అడిగాడు. “వాట్ ఈజ్ హాపెనింగ్ అవుట్‌సైడ్?”

క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది. “స్ట్రాంగ్ రెయిన్ సార్!”

అరుస్తూనే చేతులు చాపారు. అందరూ. అరచేతులు పైకి పెట్టి, మొహాలు పక్కకు తిప్పుకుని, కళ్లు గట్టిగా మూసుకుని. నిన్న సాయంత్రం నాతో నవ్వుతూ హెవీ రెయిన్ అన్న పిల్లలే వీళ్లు. కలిపి విన్న మాటలు కలిసి అతుక్కుంటాయని నేను స్టాఫ్‌రూమ్‌లో అరిచి చెప్పాను కదా. ఆయన ఆ తప్పు జంటనే అన్నిసార్లు వినిపించాడు, అనిపించాడు, దెబ్బలతో మేకులు కొట్టి మరీ దిగ్గొట్టాడు. ఆయన ఎదురుగా నిలబడితే వాళ్ల నోటికి ఇంకో మాట రాదు.

“చేతులెందుకు చాపిన్రు?” అన్నాడు ఆఫీసర్. సారు మొహం పాలిపోయింది.

కిటికీ అవతల నుంచి ఆ పిల్ల తల్లి చూస్తూనే ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. ఆ చేతులు అర్థం కావడానికి ఏ భాషా రానక్కరలేదు. లోపలికి వచ్చింది. ఎవరూ ఆపలేదు. బల్ల మీది కర్ర తీసుకుంది.

“నా బిడ్డనొక్కదాన్నే కొట్టిండనుకున్న. అందరినీ గిట్లనే కొట్టినవా?”

సారు ఏదో అనబోయాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుని, చెయ్యి బల్ల మీద వెల్లకిలా అదిమి, అరచేతి మీద ఒక్కటి వేసింది. పొలం పనికి అలవాటైన చెయ్యి. ఆ చప్పుడుకు క్లాసంతా ఉలిక్కిపడింది. సారు చెయ్యి పొట్టకు అదుముకుని కుర్చీలో కూలబడ్డాడు. హెడ్‌మాస్టర్ “అమ్మా, అమ్మా” అంటూ ముందుకు వచ్చాడు. ఆఫీసర్ ఆయన భుజం పట్టుకుని ఆపాడు. నాకు సంతోషం కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఆమె నా వైపు తిరిగింది.

“పిల్ల ఉంటది. కట్టె నేను తీస్కపోత. ఇంకోటి కనబడితే పెట్టె కోసం కాదు, నీకోసం వస్త టీచరమ్మా.”

కర్ర చంకలో పెట్టుకుని వానలోకి వెళ్లిపోయింది. ఆఫీసర్ సారును వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకి నడిచాడు. ఆ సారు మళ్లీ ఆ క్లాసుకు రాలేదు.

గదిలో నేను, పిల్లలు మిగిలాం. కొందరు ఇంకా చేతులు దించలేదు. దించండమ్మా అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి వేళ్లు మడిచాను. చివరి బల్ల దగ్గర ఆ పిల్ల కట్టు చెయ్యి ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. నేను వంగితే నా మొహంలోకి చూసింది. నిన్నటి నుంచి మొదటిసారి నోరు విప్పింది.

“టీచర్, పెయిన్‌కు ముందు ఏం వస్తది? హెవీయా, స్ట్రాంగా?”