జోగేశ్వర్‌కు లేని అనుభవం

జోగేశ్వర్ మహతో మా ఆదిత్యపూర్ ఐటీఐలో నా దగ్గరే ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివాడు. రెండేళ్లూ పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకున్నాక, మేనమామ వెంట పెళ్లి పందిళ్లకూ చిన్న ఇళ్లకూ వైరింగ్ చేస్తూ నాలుగేళ్లు గడిపాడు. మామ కూలి ఇచ్చాడు గాని పనిచేసినట్టు కాగితం ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆయనకు కొట్టుందా, బోర్డుందా?

తర్వాత ఒక పంపుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్ ఉద్యోగానికి వెళ్లాడు. రుజువు లేని పని అనుభవం కిందికి రాదనీ, ముందు ఏడాది అప్రెంటిస్ చేసి, పరీక్ష పాసై రమ్మనీ అక్కడి సూపర్‌వైజరు దాస్‌గుప్తా పంపేశాడు. సరే, న్యాయంగానే ఉంది. వీడు ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్లో పేరు నమోదు చేసుకుని, మా ఐటీఐలో పెట్టిన అప్రెంటిస్ మేళాకి వచ్చాడు. ఇదీ పోతే జన్మంతా మామ పందిళ్లేనని నాతో అన్నాడు.

మేళాలోనూ అదే ఫ్యాక్టరీ, అదే దాస్‌గుప్తా. ఆయన అప్రెంటిస్‌లుగా ఫ్రెషర్లనే తీసుకుంటాడు. పని తెలిసినవాళ్లు మధ్యలో మానేసి పోతారని ఆయన భయం. అందుకే, ఆయనకు వీడి మొహం గుర్తుండదన్న ధైర్యంతో, కొత్తవాడిలా కాస్త తడబడమని జోగేశ్వర్‌కు ముందే చెప్పాను.

పరీక్షకు మెట్ల వైరింగ్ ఇచ్చారు. రెండు స్విచ్చులు, ఒక బల్బు. పైనుంచైనా కిందనుంచైనా వెలగాలి, ఆరాలి. వాడు బాగానే తడబడ్డాడు. స్క్రూడ్రైవరు రెండుసార్లు కింద పడేశాడు కూడా. చివరి వైరు దగ్గరికొచ్చేసరికి ఒళ్లు మరిచాడు. బల్లమీద వైరు వలిచే స్ట్రిప్పర్ ఉండగానే, వైరు కొస పళ్లతో కొరికి, తొడుగు లాగి, పక్కకు ఉమ్మేశాడు. ఐటీఐలో ఎవడూ అలా నేర్పడు. పందిళ్లలోనే పట్టుబడుతుంది ఆ విద్య.

"ఎన్నాళ్లుగా చేస్తున్నావు బాబూ?" అన్నాడు దాస్‌గుప్తా.

"నాలుగేళ్లు సార్."

"అయితే నువ్వు ఫ్రెషర్‌వి కాదు. తర్వాత ఎవరు?"

నాకు ఒళ్లు మండింది. "దాస్‌గుప్తాగారూ, వీడు పోయిన నెల మీ దగ్గరికే ఉద్యోగానికొస్తే నాలుగేళ్లూ లెక్కలోకి రావన్నారు. అప్పుడు లేని అనుభవం ఇప్పుడు ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. రెండు స్విచ్చులూ ఒకదాని తర్వాత ఒకటి నొక్కాడు. బల్బు వెలిగింది, ఆరింది.

"కాగితం లేదు కాబట్టి లేనట్టే," అని వాడి పేరు రాసుకున్నాడు.

చేరిన కొన్నాళ్లకు జోగేశ్వర్ ఐటీఐ గేటు ముందు ధుస్కా పూరీల బండి దగ్గర కనిపించాడు. ఏం నేర్పుతున్నార్రా అని అడిగాను. మొదటివారమంతా వైరు తొడుగు తీయడం నేర్పారట.

"వచ్చని చెప్పలేకపోయావా?"

"ఎలా చెప్పను సార్? నాకు అనుభవం లేదు కదా."

వేళాకోళమేమోనని మొహంలోకి చూశాను. కాదు. వాడు ధుస్కా తుంచి కూరలో ముంచుకుని తింటున్నాడు.