రీజనింగ్ పీరియడ్ ఎందుకని అడిగిన తల్లిదండ్రులకు

తెలంగాణ వచ్చిన కొత్తలో దేవరకొండలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతికి వారానికి రెండు రీజనింగ్ పీరియడ్లు నేనే పట్టుబట్టి పెట్టించాను. ఏడాది తిరక్కుండానే తల్లిదండ్రుల కళ్లు వాటిమీద పడ్డాయి. ఆ టైములో లెక్కలు చేయిస్తే మార్కులొస్తాయి కదా అని వాళ్ల వాదన. హెడ్మాస్టరు నన్ను పిలిచారు.

"ఎందుకు చెప్తున్నమో ఒక ఉత్తరం రాసి ఇండ్లకు పంపుండ్రి మేడం. శనివారం మీటింగుల వాళ్లు ఒప్పుకుంటే ఉంటది, లేకుంటే తీసేస్త."

ఆ తర్వాత గొంతు తగ్గించి ఉపాయం చెప్పారు. "గ్రూప్స్‌ల, కానిస్టేబుల్ పరీక్షల రీజనింగ్ ఉంటది గదా. దానికి కోచింగ్ అని రాయుండ్రి. ఒక్కలు గూడ నోరు మెదపరు."

నిజమే, మెదపరు. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఇంటికొకరు ఎదురుచూస్తున్న రోజులవి. రీజనింగ్ అంటే అంకెల వరుసలు, చుట్టరికాల చిక్కుముళ్లు అనే అందరూ అనుకునేవారు. నేను చెప్పేది అది కాదు. సరిగ్గా ఆలోచించడం నేర్పే పాఠాన్ని అబద్ధం చెప్పి కాపాడుకోవడమా? నాకు ఒళ్లు మండింది. అలా రాయనని చెప్పి వచ్చేశాను.

మొదట రాసిన ఉత్తరం నాకే అర్థం కాలేదు. అన్నీ ట్రైనింగులో విన్న పెద్ద పెద్ద మాటలు. చింపేసి మళ్లీ కూర్చున్నాను.

"ఇది ఉద్యోగ పరీక్షల కోచింగ్ కాదు" అని మొదటి వాక్యం రాశాను. "వాన పడితే వాకిలి తడుస్తుంది. పొద్దున లేచేసరికి మీ వాకిలి తడిసి ఉంది. అంతమాత్రాన రాత్రి వాన పడిందని చెప్పగలమా? మీ కోడలు పేడనీళ్ల సాంపి చల్లి ఉండవచ్చు. ఒక మాట నుంచి ఏది తేలుతుందో, ఏది తేలదో మీ పిల్లలకు నేర్పుతున్నాం. లెక్కల్లోనూ, సైన్సులోనూ, రేపు ఎవరైనా వచ్చి సంతకం పెట్టమన్నప్పుడూ వాళ్లకు ఇదే అవసరం. ఎదురు మాట్లాడడం వేరు, ఆధారం అడగడం వేరు. మేం నేర్పేది రెండోది."

శనివారం గది నిండింది. అందరికంటే ముందు ఒక బత్తాయి రైతు లేచాడు. ఆయన కూతురు నా క్లాసులోనే ఉంది. ఆ రోజు తల్లి పక్కన తల దించుకుని కూర్చుంది.

"ఆధారం అడుగుడు అని రాసిన్రు గదా టీచరమ్మా, ఇనుండ్రి. మొన్న మా తోటల బోరు పాయింటు చూసేటాయనను పిలిపించిన. అరచేతుల కొబ్బరికాయ పెట్టుకొని నడుస్తాండు. అది లేచి నిలబడ్డ జాగల నీళ్లున్నట్టు. మా పిల్ల ఆయన మొఖం మీదనే అడిగింది, 'తాతా, నువ్వు చూపిచ్చిన బోర్లల్ల ఎన్ని ఎండిపోయినయి?' అని. నలుగుట్ల నా ఇజ్జత్ పోయింది. ఇప్పుడు బోరేసినం. నీళ్లు పడ్డయి! మరి మీ పాఠం తప్పే గదా?"

గది గొల్లుమంది. హెడ్మాస్టరు నా వంక చూడలేదు. నా పీరియడ్ల పని అయిపోయిందనుకున్నాను. భయమేసింది కూడా. అయినా లేచాను.

"నీళ్లు పడడం సంతోషమే. కానీ మీ అమ్మాయి నీళ్లు పడవని అనలేదు. ఎన్ని ఎండిపోయాయని అడిగింది. ఒక బోరులో నీళ్లు పడితే ఆ ప్రశ్నకు జవాబు వచ్చినట్టా? పడినవి మాత్రమే లెక్కపెడితే ఎవరు చూపించినా గొప్పగానే కనిపిస్తుంది."

ఆయన ఏదో అనబోయాడు. అంతలో ఆయన భార్య, కూర్చున్న చోటనే, కొంగు సర్దుకుంటూ మెల్లగా అంది.

"పోయినేడు ఎండిపోయిన రెండు బోర్లు గూడ ఆయననే చూపిచ్చిండు గదనయ్యా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో బోరు వేసి నష్టపోనివాళ్లు లేరు. ఒక్కొక్కరు ఎవరి తోటను వాళ్లు తలుచుకుంటున్నట్టు నేల చూపులు చూశారు.

"మీ పీరియడు ఉండనియ్యుండ్రి," అన్నాడు ఆ రైతు చివరికి. "కానీ పెద్దోళ్లను నలుగుట్ల గిట్ల అడుగొద్దని మా పిల్లకు చెప్పుండ్రి."

ఊ అంటే సరిపోయేది. అందరూ ఒప్పుకునేవాళ్లు, హెడ్మాస్టరు టీ తెప్పించేవారు. కానీ ఆ పిల్ల తల ఎత్తి నన్నే చూస్తోంది.

"మర్యాదగా అడగమని చెప్తానండీ," అన్నాను. "అడగొద్దని మాత్రం చెప్పను. అలా చెప్పాల్సి వస్తే ఆ పీరియడ్లు ఇవాళే తీసేయండి."

ఆయన నన్ను చూశాడు, భార్యను చూశాడు. కూతురి వైపు తిరిగాడు.

"ఇంగో బోరు ఏసేటప్పుడు," అన్నాడు, "ఆయన వచ్చినంక గాదు, నేను పిలువకముందే నన్ను అడుగు బిడ్డా."