ఎడమ షూ ముడి

2012 డిసెంబరు 8, శనివారం సాయంత్రం ఐదు గంటలకు సైనిక్‌పురిలోని ఒక మైదానం నుంచి నా పరుగు మొదలైంది. నేను చెప్పదలచుకున్నది ఆ రాత్రి పన్నెండున్నరకూ ఒంటిగంటకూ మధ్య జరిగింది. అప్పటికి నాకు యాభై ఒకటో ఏడు. రైల్వే వర్క్‌షాపులో స్టోర్సు లెక్కలు చూసే ఉద్యోగిని. లాలాగూడ క్వార్టర్సులో కాపురం. పదిహేడేళ్ల వయసు నుంచి డైరీ రాస్తున్నాను.

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. మా సంఘంలో చనిపోయినవారిని నిద్రించారంటాం. నిద్రించినవారు ప్రభువు లేపేదాకా లేవరు, మధ్యలో వచ్చి ఎవరి భుజమూ తట్టరు. చిన్నప్పటి నుంచి నాకు తెలిసింది ఇదే. ఇప్పటికీ నా విశ్వాసం ఇదే. కాబట్టి నేను చూసినదానికి ఏ పేరూ పెట్టకుండా, చూసింది చూసినట్టు రాస్తాను.

మా ఒక్కగానొక్క అమ్మాయి ప్రిస్కిల్లా. ఇంట్లో ప్రిసీ అనేవాళ్లం. బ్యాంకులో పనిచేసేది. తెల్లవారుజామున లేచి పరుగెత్తడం దానికి అలవాటు. ఆదివారం ఆరాధనకు ముందు నన్నూ లాక్కెళ్లేది. నా పరుగు చూసి, "డాడీ, నువ్వు పరిగెత్తుతున్నావా, రోడ్డు కొలుస్తున్నావా?" అని నవ్వేది.

2010 డిసెంబరులో ఇదే వంద కిలోమీటర్ల రాత్రి పరుగులో తను పాల్గొంది. మైదానం నుంచి కీసర దాటి ఇరవై అయిదు కిలోమీటర్లు వెళ్లి వెనక్కి రావాలి. అలా రెండుసార్లు. మొత్తానికి పదహారు గంటల గడువు. సగం దూరం ఎనిమిది గంటల్లో, అంటే రాత్రి ఒంటిగంటలోపు పూర్తిచేసి రెండో ఆవృత్తికి బయలుదేరాలి. ప్రిసీ సగం దగ్గర ఆగిపోయింది. అర్ధరాత్రి ఫోన్ చేసి, "డాడీ, పాదం కింద మోపలేకపోతున్నా. వచ్చి తీసుకుపో" అంది. స్కూటర్ మీద వెళ్లి తీసుకొచ్చాను. తార్నాక దాటాక వెనక నుంచి, "సగం రోడ్డు నాకోసం అక్కడే ఉంటుంది. వచ్చే ఏడు వెళ్తా" అంది.

వచ్చే ఏడు దానికి రాలేదు. 2011 సెప్టెంబరు 9న డెంగీ జ్వరంతో, ఆసుపత్రిలో చేరిన ఆరో రోజున నిద్రించింది. దాని వయసు ఇరవై నాలుగు.

ఆ అక్టోబరులో నేను పరుగు మొదలుపెట్టాను. వారానికి నాలుగు రోజులు. దూరాన్ని నెలనెలా కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాను. నా భార్య సుశీల కారణం అడగలేదు. ఆ మిగిలిన సగం కోసమేనని ఇద్దరికీ తెలుసు.

ఇక ఆ రాత్రి సంగతి. ముప్పై ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఎడమ పాదం పైభాగాన, చీలమండకీ వేళ్లకీ మధ్య ఉబ్బెత్తుగా ఉండే చోట, నొప్పి మొదలైంది. మొదట గోరుతో గీసినట్టుంది. నలభై అయిదుకు వచ్చేసరికి అడుగు మోపిన ప్రతిసారీ ఎవరో అక్కడ మేకు దింపుతున్నట్టయింది. కడుపులో వికారం. చేతివేళ్లు వాచి ఉంగరం బిగుసుకుపోయింది. కుంటుకుంటూ పన్నెండూ పద్దెనిమిదికి మైదానం చేరాను.

ఈ పందెంలో సగం మజిలీ మొదలైన చోటే ఉండడం పెద్ద శిక్ష. ఇరవై అయిదో కిలోమీటరులో ఆగిపోవాలన్నా వెనక్కి రావడానికి దారి చూసుకోవాలి. ఇక్కడ మాత్రం నా స్కూటరు గేటు పక్కనే కనిపిస్తోంది. తాళంచెవి నా సంచిలోనే ఉంది. పదిహేను నిమిషాల్లో ఇల్లు. కుర్చీలో కూలబడ్డాను.

ఆ మజిలీలో బల్ల చూసుకుంటున్నది యూసుఫ్. చిలకలగూడలో దర్జీ దుకాణం ఉంది. తనూ ఇలాంటి పరుగులు చాలానే చేసినవాడు.

"అంకుల్, ఆ కుర్చీ మంచిది కాదు. పొద్దు గుంకినప్పటి సంది అండ్ల కూసున్నోడు ఒక్కడు లేస్తలేడు" అన్నాడు.

నేను లేవనన్నాను. ఛాతీ మీది నంబరు కాగితం ఇచ్చేస్తే పందెంలోంచి తప్పుకున్నట్టే. ఒకసారి ఇస్తే మళ్లీ తీసుకునేందుకు లేదు. దానికి నాలుగు పిన్నులు. వాచిన వేళ్లతో రెండు తీయడానికే చాలాసేపు పట్టింది. మూడోది పట్టు చిక్కలేదు.

యూసుఫ్ నా చెయ్యి పట్టుకుని చూశాడు. "ఉంగరం చూడు గిట్ల బిగుసుకుంది. తొవ్వంట ఉత్త నీళ్లే తాగినవ్ కదా అంకుల్? చెమట్ల ఉప్పంత పోయింది. ఇగ నీళ్లు జెర బంద్ చెయ్, ఇది తిను" అని ఉడికించిన ఆలుగడ్డలు ఉప్పులో అద్ది ఇచ్చాడు. రెండు తిన్నాను. "పది నిమిషాలు కండ్లు మూస్కో. అప్పుడు సుత పోతనంటే కాయిదం నేనే తీస్కుంట. ఒంటిగంట దాటితే మాత్రం నేను ఇయ్యమన్నా, నువ్వు ఇయ్యనన్నా ఒక్కటే."

కాలి నొప్పి గురించి అతనికి నేను చెప్పలేదు. ఈ మాట బాగా ఆలోచించుకునే రాస్తున్నాను. కుంటడం చూసి ఉండవచ్చు. నొప్పి ఎక్కడో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కళ్లు మూసుకునే ముందు చేతి గడియారం చూశాను. పన్నెండూ ముప్పై మూడు. కళ్లు తెరిచేసరికి పన్నెండూ నలభై ఆరు.

కడుపు తేలికపడింది. దానికి ఉప్పే కారణం. అందులో వింత లేదు. నంబరు కాగితం ఇచ్చేద్దామని లేచి నిలబడ్డాను. ఎడమ పాదం నేల మీద మోపితే మేకు దిగలేదు. వంగి చూశాను.

ఎడమ షూ లేసు విప్పి, మళ్లీ కట్టి ఉంది.

వేళ్ల వైపు నుంచి లెక్కిస్తే మూడో రంధ్రాల జత దాకా లేసు మామూలుగా అడ్డంగా అల్లి ఉంది. అక్కడ నుంచి నాలుగో జతకు అడ్డంగా పోకుండా, రెండు పక్కలా నిలువుగా పైకి వెళ్లి, ఆ తరువాత మళ్లీ అడ్డం తిరిగింది. నొప్పి ఉన్న చోట లేసే లేదు. కుడి షూ నేను ఇంట్లో కట్టుకున్నట్టే ఉంది.

"యూసుఫ్, నా షూ ఎవరు విప్పారు?"

"ఎవలు రాలే అంకుల్. నేను గీడనే ఉన్న." అతను టార్చి వేసి చూశాడు. "గీ జాగలనేనా నొప్పి?"

"అవును."

"మరి కరెక్టే కట్టిన్రు. గంటలు గంటలు ఉరికితే కాలు ఉబ్బుతది. లేసు పైనున్న నరాన్ని కోస్తది. నొప్పున్న కాడ లేసు అడ్డం పోనియ్యద్దు, కిటికి లెక్క ఖాళీ ఇడవాలె. తెలిసినోళ్లే కట్టిన్రు." టార్చి ఆర్పి అన్నాడు. "నిద్దర్ల ఏదో అన్నవ్ అంకుల్. టైట్‌గ కట్టకు అన్నవ్. కలగంటున్నవేమో అనుకున్న."

నాకు ఏ కలా గుర్తులేదు. ఇలా లేసు కట్టే పద్ధతి ఒకటుందని ఆ క్షణం దాకా నాకు తెలియదు. 2011లో ప్రిసీ షూలో ఇటువంటి ఖాళీ చూసి, ఒక రంధ్రం మరిచిపోయిందనుకున్నానే తప్ప కారణం అడగలేదు.

ముడి సంగతి ఇంకా చెప్పాలి. నేను కుడిచేతి వాణ్ని. ఎప్పుడూ రెండు ముళ్లు వేస్తాను. దీనికి ఒక్కటే ముడి, దాని రెండు చెవులూ కింది లేసులోకి దోపి ఉన్నాయి. పైగా ముడి నాది వాలే వైపుకు కాక ఎదురువైపుకు వాలి ఉంది. ప్రిసీది ఎడమచేతి వాటం. మూడో తరగతిలో దానికి లేసు కట్టడం నేర్పినప్పుడు, పక్కన కూర్చుంటే రావడంలేదని ఎదురుగా కూర్చుని చూపించాను. అద్దంలో చూసినట్టు నా చేతులు చూసి నేర్చుకుంది. దాని ముడి జీవితాంతం నా ముడికి ఎదురుగానే వాలేది.

యూసుఫ్ రెండు పిన్నులూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఏమంటవ్ అంకుల్? కాయిదం ఇస్తవా, పిన్నులు పెట్టాల్నా?"

"పెట్టు" అన్నాను.

పన్నెండూ యాభై రెండుకు రెండో సగంలోకి అడుగుపెట్టాను.

ఇది చదివేవారు, తక్కిన దారంతా ప్రిసీ నా పక్కనే ఉన్నట్టు అనిపించిందని రాస్తాననుకోవచ్చు. అనిపించలేదు. అనిపించాలని ఎంతగానో కోరుకున్నాను. కీసర దాటాక వీధి దీపాలు లేనిచోట తల మీది దీపం ఆర్పేసి నిలబడ్డాను. చెవులు రిక్కించి విన్నాను. దూరంగా ఒక లారీ, ఒక కుక్క. రెండుసార్లు పేరు పెట్టి పిలిచాను. అంత ఒంటరితనం సమాధుల తోటలో కూడా నేను ఎరగను. దీపం వెలిగించి ముడి ఉందో లేదో చూసుకుని మళ్లీ కదిలాను. ప్రిసీ ఇక తిరగని ఆ రోడ్డు మీద కిలోమీటరుకొకసారి అలా వంగి చూసుకుంటూనే నడిచాను, పరుగెత్తాను.

ఉదయం ఎనిమిదీ యాభై ఒకటికి మైదానం చేరాను. గడువుకు తొమ్మిది నిమిషాల ముందు. మెడలో పతకం వేశారు. యూసుఫ్ తన బండి మీద ఇంటి దగ్గర దింపాడు.

సుశీల వేడినీళ్ల బకెట్టు తెచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమెకు నేనింకా ఏమీ చెప్పలేదు. కుడి షూ విప్పింది. ఎడమదాని మీద చెయ్యి వేసి ఆగిపోయింది. వంగి ఆ ముడిని చూసింది.

"ఏమండీ, ఇదెవరు కట్టారు?"

"తెలియదు."

"రోజూ బ్యాంకుకు పోయేముందు గడపలో కూర్చుని ఇట్లనే కట్టుకునేది" అంది. ఆమె వేళ్లు ముడిని తాకలేదు, పైనే ఉన్నాయి. "విప్పొద్దండీ."

వాచిన పాదం ముడి విప్పకుండా బయటికి రాలేదు. చివరికి వంటింటి కత్తి తెచ్చి మడమ వైపు నుంచి షూ కోసింది.

తరువాత నా చేతనైనంత విచారించాను. ఆ పదమూడు నిమిషాల్లో మజిలీలో ఉన్న నలుగురినీ అడిగాను. ఎవరూ నన్ను ముట్టుకోలేదన్నారు. నిద్రలో నేనే కట్టుకున్నానేమోనని ఇంట్లో కళ్లు మూసుకుని కుడి షూతో చాలాసార్లు ప్రయత్నించాను. నా ముడి ఒక్కసారి కూడా అటు వాలలేదు. పిన్ను తీయలేని వేళ్లు లేసు ఎలా అల్లాయో కూడా తెలియదు. ప్రిసీ పాత షూ చూసి అలా కట్టానేమో అనుకుందామంటే, దాని షూలో ఖాళీ మూడో జత దగ్గర ఉంది. నాది నాలుగో జత దగ్గర. దాని నొప్పి ఉన్న చోట కాదు, నా నొప్పి ఉన్న చోట.

పాస్టరు గారిని అడగలేదు. అడిగితే ఆయన చెప్పేది నాకు ముందే తెలుసు, అది తప్పని కూడా నేననను.

ఆ రాత్రికి సంబంధించి పోయినవి: కాలి గోళ్లు రెండు, షూ జత ఒకటి, మా అమ్మాయి వెళ్లవలసిన సగం రోడ్డు. మిగిలినవి: పతకం ఒకటి, అది ప్రిసీ ఫొటో దగ్గర ఉంది. మడమ కోసిన ఎడమ షూ ఒకటి, అది బీరువాలో ఉంది. ముడి ఇంతవరకు విప్పలేదు.