తెలుగు పేజీలకు చదివేవాళ్ళు లేరట

హనుమకొండలో మా ఆఫీసు చిన్నది. ఒక దవాఖాన వెబ్‌సైటు మేమే చూసుకుంటాం. అందులో తెలుగు పేజీలు రాసేది మా అక్క. సొంత అక్క కాదు, పక్క కుర్చీ అక్క. బాలింత ఏం తినాలో ఆమె రాస్తే, ఎవరో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది.

ఒక సోమవారం మా సార్ వాట్సాప్‌లో డాష్‌బోర్డు స్క్రీన్‌షాట్ పంపాడు. ఏ పేజీలకు ఎంతమంది వస్తున్నారో గీతల్లో చూపే బొమ్మ అది. కింద ఒక ముక్క రాశాడు: "తెలుగు సున్నా. ఆ పేజీలు తీసేద్దాం, అక్కను ఈ నెలతో ఆపేద్దాం. రిపోర్టు రాయి."

అక్క నా భుజం మీదుగా చూసేసింది. "నా రాత ఎవ్వలకు నచ్చుతలేదేమో చెల్లె," అంది. నాకు ఒళ్ళు మండింది. సార్ మీద సరే, అంత తొందరగా నమ్మేసినందుకు అక్క మీద కూడా.

బొమ్మ పెద్దది చేసి చూశాను. ఇంగ్లీషు గీత ఒక్క రోజు ఆకాశానికి లేచింది. దాని పక్కన సార్ చప్పట్ల గుర్తు పెట్టాడు. కానీ ఆ రోజు చూసినవాళ్ళ ఊళ్ళ జాబితాలో ఎన్నడూ లేని విదేశీ నగరం ఒకటి మొదటికొచ్చి కూర్చుంది, జనం పేజీ మీద నిలిచిన సమయం అడుగంటింది. మోకాళ్ళ నొప్పికి అంత దూరం నుంచి హనుమకొండ వస్తారా ఎవరైనా? మనుషులు కాక, వాటంతటవే పేజీలు తెరిచే యంత్రాలై ఉండవచ్చు. ఇక తెలుగు గీత. విసుగొచ్చిన పాఠకులు మెల్లమెల్లగా తగ్గుతారు. ఇదేమో మామూలుగా నడిచి నడిచి ఒక తేదీన తెగిపడింది. ఆ తేదీనే మేము తెలుగు పేజీలకు కొత్త డిజైన్ వేశాం.

ఆ పెరుగుదలా ఈ పతనమూ రెండూ అనుమానమేనని, తేల్చాకే మాట్లాడాలని రిపోర్టులో రాశాను. సార్ పిలిచాడు.

"చదివెటోళ్ళు లేరని ఒక్క ముక్క రాయనీకి ఏమైతాంది నీకు?"

"రాయను సార్."

"నౌకరి ఫికర్ లేదా?"

"ఉన్నది. అయినా రాయ."

ఇప్పుడు ఎవరు ఏ పేజీలో ఉన్నారో చూపే తెర ఆయన లాప్‌టాప్‌లో తెరిపించాను. నా ఫోన్లో ఇంగ్లీషు పేజీ తెరిస్తే కాసేపట్లో దాని పేరు అక్కడ కనిపించింది. తర్వాత అక్క రాసిన బాలింత పేజీ తెరిచాను. చాలాసేపు చూశాం. ఆ పేరు రానే లేదు. రాకపోకలు లెక్కపెట్టే కోడ్ ముక్కను కొత్త డిజైన్లో పెట్టడమే మరిచాం.

నేను ఫోన్ ఆయన ముందు పెట్టాను.

"చదువుకుంట మీ ముంగటనే కూసున్న సార్. మీ తెర మీద నేను లేను. నా లెక్కనే ఇంకెంతమంది ఉన్నరో చెప్పున్రి, అప్పుడు ఆపున్రి అక్కను."