వెలగకూడని బల్బు

దుమ్ముగూడెం దారిలోని పాలిటెక్నిక్‌లో ఎల్లస్వామిది ఇరవై ఆరేళ్లుగా కాంట్రాక్టు కొలువు. ప్రిన్సిపాళ్లు ఎందరో మారారు గాని ఎలక్ట్రానిక్స్ ల్యాబులో అతని స్టూలు మారలేదు. ఏటా మార్చిలో కొలువు పోతుందని భయపడటం, జూన్‌లో మళ్లీ చేరటం అలవాటైపోయింది. ఈసారి మాత్రం ఆ ల్యాబుకు అసలు మనిషి కావాలా వద్దా తేల్చమని పైనుంచి సంపత్ సారును పంపించారు.

సారు చేతిలో ఇంకో సర్క్యులర్ కూడా ఉంది. ఆవరణలో ఫిలమెంటు బల్బు ఒక్కటీ ఉండకూడదు, అన్నీ ఎల్‌ఈడీలే. ఆయన మరుగుదొడ్ల దగ్గర మొదలుపెట్టి వెతుక్కుంటూ వచ్చాడు. ఎల్లస్వామి చేత్తో కట్టిన, స్పీకరులో ఒకే స్వరాన్ని మోగించే ఆసిలేటరు మూత తీయించి, బఠాణీ గింజంత బల్బును పట్టేశాడు.

"ఇది వెలుగుతనే లేదు! పాడైన బల్బు ఎందుకు పెట్టినవయ్యా?"

"వెలగొద్దు సారు, గోరువెచ్చగుంటే సాలు. ఈ రెసిస్టర్లు, కెపాసిటర్లు కలిసి ఒక్క స్వరాన్నే ఏరుకుంటయి. అది వీటిని దాటి తిరిగొచ్చేసరికి మూడో వంతే మిగులుతది. ఆంప్లిఫయరు దాన్ని సరిగ్గ మూడింతలు చెయ్యాలె. తక్కువైతే స్వరం సచ్చిపోతది. ఎక్కువైతే పెరిగి పెరిగి కరెంటు సప్లయి హద్దుకు తల కొట్టుకుంటది. స్వరం పెరిగితే ఈ బల్బు వేడెక్కి, రెసిస్టెన్స్ పెరిగి, గెయిను, అంటే ఆ ఇంతలు చేసుడు, తగ్గుతది. స్వరం తగ్గితే సల్లబడి గెయిను పెంచుతది."

"సర్క్యులర్‌ల గోరువెచ్చని బల్బులకు మినహాయింపు లేదు," అన్నాడు సంపత్ సారు.

బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టించాడు. స్పీకరు మూగబోయింది.

"చూసినవా? కరెంటు గూడ ఆదా!"

ల్యాబు చూసే ప్రమీల మేడం నెత్తి పట్టుకుంది. "సార్, ఎల్లుండి ప్రాక్టికల్స్!"

ఎల్లస్వామి ఎల్‌ఈడీ పీకి, మామూలు రెసిస్టరు, దానికో నాబు తగిలించాడు. కాస్త ఇటు తిప్పితే స్వరాన్ని గీసి చూపే స్క్రీను మీద అలల తలలు చదునై, స్పీకరు గొంతు గరగరలాడింది. కాస్త అటు తిప్పితే నీరసపడి ఆగిపోయింది. చివరికి నాబు మీద వేళ్లుంచి, ఊపిరి బిగబట్టి, అటూ ఇటూ సవరిస్తూ స్వరాన్ని కాసేపు నిలబెట్టాడు.

సంపత్ సారు ముచ్చటపడి కాగితం మీద రాశాడు: 'ఈ పరికరానికి మనిషి తప్పనిసరి.'

"కొలువు నిలిచిందన్నా," మేడం గుసగుసలాడింది. "చెయ్యి తియ్యకు."

ఎల్లస్వామి స్క్రీను చూశాడు. అల ఉబ్బుతోంది, తల నలుగుతోంది, కుంగుతోంది. ఇరవై ఆరేళ్లు పిల్లలకు చూపించింది ఇది కాదు. స్విచ్ ఆపి, టంకం వేడిచేసి, బల్బును మళ్లీ అతికించాడు. స్వరం క్షణం తడబడి, కుదురుకుని, తీగలా సాగింది. అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"దీనికి మనిషి అక్కర్లే సారు."

"మరి సర్క్యులర్?"

"దాన్ని బల్బని రాయకుండ్రి. వేడికి మారే రెసిస్టరని రాయుండ్రి. అబద్ధం గాదు."

సారు ముఖం విప్పారింది. అట్లాగే రాసి, మనిషి తప్పనిసరన్న పై వాక్యాన్ని కొట్టెయ్యటానికి, గీత వంకర పోకూడదని స్కేలు అడిగాడు. ఎల్లస్వామే సొరుగులోంచి తీసిచ్చాడు.