దిగినట్టు లేదు

ఈశ్వరప్పకు నలభై ఏళ్లుగా మగ్గమే లోకం. ధర్మవరం దాటి బెంగళూరు పోవడమే గొప్ప. అలాంటివాణ్ని చేనేత సంఘంవాళ్లు లండన్ ప్రదర్శనకు పంపారు. వెంట సంఘంలో పనిచేసే హిందూపురం అమ్మాయి పావని. నాలుగో రోజు పది గంటలకు ఒక పెద్ద దుకాణపామె వచ్చి అతని నేత చూస్తుంది. నచ్చితే పన్నెండు మగ్గాలకు ఏడాది పని. ఇంటి దగ్గర పన్నెండు ఇళ్లూ దానిమీదే ఆశ పెట్టుకుని ఉన్నాయి.

పావని మొదటి రోజే డబ్బులేసిన ప్రయాణ కార్డు ఇచ్చి చెప్పింది: "మామా, బస్సులో ఎక్కేటప్పుడే దీన్ని మిషనుకు తాకించు. రైలుకైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాల. రోజుకింత అని పరిమితి ఉండాది, అది దాటితే ఎన్నిసార్లు తిరిగినా ఇంక డబ్బు పట్టుకోరు."

ఆ చివరి మాటే అతని మనసులో నిలిచింది. ప్రదర్శన దగ్గరి స్టేషన్లో గేటుంది, తాకించకుండా బయటపడలేడు. బస దగ్గరి చిన్న స్టేషన్లో గేటే లేదు, స్తంభానికి కార్డు తాకించే ఒక పసుపు పెట్టె, అంతే. పావని కొట్టు సర్దడానికి ఆగిపోవడంతో రెండు సాయంత్రాలు ఒక్కడే దిగాడు. ధర్మవరంలో దిగినట్టే దిగి చక్కా నడిచిపోయాడు. అడిగేవాడెవడు!

నాలుగో రోజు పావని ముందే వెళ్లింది. తొమ్మిదికి ఈశ్వరప్ప కార్డు తాకిస్తే ఎర్రలైటు. మళ్లీ తాకించాడు, అదే. టికెట్ లేకుండా ఎక్కే మనిషి కాడు. జేబులో ఆ దేశపు చిల్లిగవ్వ లేదు. పావనికి ఫోన్ చేశాడు.

ఆమె ఫోన్లో కార్డు ప్రయాణాల చిట్టా తెరిచింది. "అయ్యో మామా! రెండు సాయంత్రాలు ఎక్కినట్టు ఉండాది, దిగినట్టు లేదు. యాడ దిగినావో తెలీక పెద్ద చార్జీ పట్టేసినారు. కార్డులో డబ్బు అయిపోయింది."

"రోజుకింతే అంటివి కదమ్మా?"

"సరిగా తాకించిన ప్రయాణాలకే ఆ పరిమితి. ఈ చార్జీ దాంట్లోకి రాదు. డబ్బులేస్తాండా, కార్డుకు చేరేదానికి అర్ధగంట పట్టొచ్చు. ఆడే ఉండు."

అయిదు నిమిషాలకోసారి తాకించాడు. ఎరుపు, ఎరుపు, ఎరుపు. తొమ్మిదీ నలభైకి పచ్చ వెలిగింది. పాపం, ఎంత పరుగెత్తినా ఏం లాభం? హాల్లోకి వచ్చేసరికి పదిన్నర అయింది. విమానం ఉందంటూ దుకాణపామె పదింపావుకే వెళ్లిపోయింది. మగ్గం ముందు పీట ఖాళీగా ఉంది.

పావని సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది. ఏ స్టేషన్లో దిగాడో అడిగి రాసుకున్నారు. "ఎక్కువ పట్టింది వెనక్కిస్తారంట మామా," అంది కళ్లు తుడుచుకుంటూ.

అప్పుడే ఇంటినుంచి భార్య నాగక్క ఫోన్. "ఏమైంది? అందరూ మనింట్లోనే కూచోనుండారు."

ఈశ్వరప్ప మగ్గం ముందు పీటమీద కూలబడ్డాడు. "నావల్లే పోయింది నాగా. వాళ్లకు నువ్వే చెప్పు. నాకు నోరు రాదు."